కాదన్న ఉత్తరం

ధర్మపురిలో నర్సింహస్వామి గుడి దారిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు అమ్ముకునే ఒక చిన్న దుకాణం. 2027 గోదావరి పుష్కరాలకు ముందే సరుకు నింపుకోవాలని దుకాణం నడిపే ఆమె ముద్ర పథకం కింద 3 లక్షల రుణం అడిగింది. బ్యాంకు తయారుచేసిన మొదటి ఉత్తరం ఇది: "మీ దరఖాస్తును పరిశీలించగా, బ్యాంకు నిబంధనల మేరకు రుణము మంజూరు చేయుటకు వీలుపడదని ఇందుమూలముగా తెలియజేయనైనది."

పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు అధికారి దాన్ని తిరగరాశారు. పేర్లు తీసేసిన ఆ ప్రతిని చదివాను. అందులో పనితనం ఎక్కడుందో చూపించాలని ఈ వ్యాసం.

కారణం చెప్పడం బ్యాంకు దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన సంగతి కాదు. 2003లో రిజర్వు బ్యాంకు 2 లక్షల లోపు రుణాలకు తిరస్కరణ కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలంది. 2007లో ఆ పరిమితి తీసేసి అన్ని రుణాలకూ వర్తింపజేసింది. అయినా "నిబంధనల మేరకు" అన్న మాట ఇంకా రాస్తూనే ఉన్నారు. ఏ నిబంధనో చెప్పకపోతే అందులో కారణమే లేదు.

కొత్త ఉత్తరం "శ్రీమతి ... గారికి" అని మొదలై, మొదటి వాక్యంలోనే విషయం తేల్చేస్తుంది: "మీరు అడిగిన 3 లక్షల రుణాన్ని ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాం." నాకు ఇది నచ్చింది. పొగడ్తలు, విచారాలు రెండు పేరాలు నడిపి చివర్లో కాదంటే, చదివే మనిషి ఆశపడి ఆశపడి కూలబడుతుంది. "ఇప్పుడు" అన్న ఒక్క మాట తలుపు పూర్తిగా మూయలేదు, అట్లని ఏ హామీ ఇవ్వలేదు.

తర్వాత అసలు పని. "3 లక్షలకు అయిదేళ్లలో, 11 శాతం వడ్డీతో నెలకు కిస్తీ దాదాపు 6,520 రూపాయలు పడుతుంది. దరఖాస్తులో నెలకు 90,000 అమ్మకం అని రాశారు. మీ ఖాతాలో నెలకు సగటున 28,000 జమ కనిపిస్తోంది. నూటికి 20 లాభం అనుకుంటే అది 5,600. కిస్తీకి చాలదు." అంటే ఆమె రాసిన అమ్మకం అబద్ధమనలేదు. తమకు కనబడిందేమిటో చెప్పారు. 90,000 నిజమైతే లాభం 18,000 అవుతుంది, కిస్తీ తేలిగ్గానే సాగుతుంది. గిరాకీ నోట్లు గల్లాపెట్టెలోకీ, అక్కడి నుంచి నేరుగా సరుకు షావుకారుకూ పోతే బ్యాంకుకు లెక్క ఎట్లా తెలుస్తుంది? కాబట్టి తర్వాతి వాక్యం: "వచ్చిన అమ్మకం డబ్బులు ఆరు నెలలు ఖాతాలో వేస్తూ, సరుకు బిల్లులు దాచండి. వాటితో మళ్లీ దరఖాస్తు పెడితే కొత్తగా పరిశీలిస్తాం."

రెండో కారణం సిబిల్ నివేదిక. పాత తీరులో రాసి ఉంటే "మీరు బకాయి కట్టలేదు" అని ఉండేది. ఇందులో "బండి ఫైనాన్సు ఖాతాలో 8,400 బకాయి ఉన్నట్టు నివేదిక చూపుతోంది" అని ఉంది. ఈ తేడాలోనే గౌరవం ఉంది. ఎందుకంటే కట్టేసిన బాకీ కూడా ఫైనాన్సోళ్లు సరిచేయక నివేదికలో మిగిలిపోవడం మామూలే. అందుకే ఉత్తరం దారి కూడా చూపింది: ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు, బాకీ తీరిపోయి ఉంటే నో డ్యూ సర్టిఫికెట్ జతచేసి సవరణ కోరవచ్చు, 30 రోజుల్లో సవరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం అడగవచ్చు. ఈ పరిహారం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బాకీ నిజంగానే ఉంటే కట్టాల్సిందే, ఉత్తరం ఆ మాట దాచలేదు.

ఇలాంటి ఉత్తరాన్ని పరీక్షించడానికి ఆ అధికారి వాడే ప్రశ్న ఒకటుంది: రాసిన కారణాలు రెండూ తీరిపోతే మన జవాబు మారుతుందా? మారదంటే అసలు కారణం ఇంకెక్కడో ఉంది, రాసింది పైపూత. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఉత్తరాలు మళ్లీ రాయాల్సి వస్తుంది. ఆమెను ఆరు నెలలు తిప్పి, మూడో కారణం బయటపెట్టడం కన్నా క్రూరం లేదు.

అన్నీ రాయడానికీ వీలుండదు. జామీను అడిగే వేరే రుణంలో జామీనుదారు సిబిల్ బాగాలేదనుకోండి, అతని అప్పుల వివరం దరఖాస్తుదారుకు రాసివ్వకూడదు. అప్పుడు "జామీనుదారుకు సంబంధించిన వివరాలు మా అర్హతా నియమాలకు సరిపోలేదు, వేరొకరిని సూచించవచ్చు" అని ఆపాలి.

కింద మేనేజరు పేరు, ఫోన్ నంబరు, కలిసే సమయం. ఆ పైన, బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చన్న వాక్యం. ఈ కొత్త ఉత్తరం ముసాయిదాలో దీని ముందు "మీకు తప్పక రుణం దొరుకుతుందని ఆశిస్తున్నాం" అని ఉండేది. ఆయన దాన్ని కొట్టేశారు. ఆరు నెలల తర్వాత ఏం తేలుతుందో అప్పటి లెక్కలు చెప్పాలి గానీ, ఇప్పుడు మనం చెప్పకూడదని ఆయన వాదన.