పాలు కలిపే చదరం

డెయిరీలో పాలు కలిపే మనిషి గీసే ఆ చిన్న చదరమంటే నాకు భలే ఇష్టం. ఒక ట్యాంకులో 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు, ఇంకోదాంట్లో 3.5 శాతం ఉన్న ఆవు పాలు. ప్యాకెట్లోకి వెళ్ళాల్సింది 4.5 శాతం స్టాండర్డైజ్డ్ పాలు. చదరానికి ఎడమ మూలల్లో పైన 7, కింద 3.5, నడుమ 4.5 వేస్తాడు. ఇక ఐమూలగా తీసివేతలే. 7లోంచి 4.5 పోతే 2.5, అది ఆవు పాల వంతు. 4.5లోంచి 3.5 పోతే 1, అది గేదె పాల వంతు. ఒకదాని తేడా రెండోదాని వంతు కావడంలోనే ఉంది సొగసంతా: కావలసిన శాతానికి దగ్గరగా ఉన్న పాలే ఎక్కువ పోయాలి కదా! అంటే 700 కిలోలకు గేదె పాలు 200, ఆవు పాలు 500. వెన్న 14 కిలోలకు 17.5 కలిపితే 31.5, సరిగ్గా 4.5 శాతం.

లెక్క తప్పదు గానీ నమూనా తప్పవచ్చు. నిలవున్న పాలలో మీగడ పైకి తేలుతుంది. కలియబెట్టకుండా పైనుంచి ముంచి పరీక్షిస్తే వెన్న ఎక్కువ చూపి, కలిపిన పాలు పలచబడతాయి. అందుకే నేర్పరి బాగా తిప్పించాకే నమూనా తీస్తాడు, కలిపాక మళ్ళీ గెర్బర్ గొట్టంలో చూస్తాడు. తక్కువ తేలితే గేదె పాలు మరికొన్ని వదులుతాడు. ఈ చదరానికి కనిపించేది వెన్న ఒక్కటే, ఎస్.ఎన్.ఎఫ్. 8.5కి చేరిందో లేదో విడిగా చూసుకోవాల్సిందే.