తరగతంతా ‘సరే సార్’ అన్నాక

ఎం.ఎడ్. డిసర్టేషన్లు చదివే పని ఏటా నా మీద పడుతుంది. పరిశోధన విధానం చెప్పే అధ్యాయంలో దాదాపు అందరూ ఒక వాక్యం రాస్తారు: ‘విద్యార్థుల అంగీకారం తీసుకోవడమైనది.’ ఎలా తీసుకున్నారని వైవాలో అడిగితే, ‘క్లాసులో చెప్పామండీ, అందరూ సరేనన్నారు’ అంటారు. ఒక్కరైనా వద్దనలేదా అంటే, ‘ఎందుకంటారండీ, మన పిల్లలే కదా!’

మన పిల్లలు కాబట్టే వద్దనలేరు. ఎఫ్.ఎ. మార్కులు వేసేది, నోటుబుక్కులు దిద్దేది, ఆలస్యంగా వస్తే బయట నిలబెట్టేది ఎవరో, పరిశోధనకు ఒప్పుకుంటావా అని అడిగేదీ వాళ్లే. నలభై మంది ముందు లేచి ‘నాకిష్టం లేదు సార్’ అనగలిగే ఏడో తరగతి పిల్లాడు ఉన్నాడంటే వాడి ధైర్యానికి నమస్కారం పెట్టాలి. అయితే సమ్మతి పద్ధతిని అంతటి ధైర్యం మీద నిలబెట్టకూడదు.

బడిలో పెద్దల అధికారం పిల్లల సమ్మతిని ఎలా మింగేస్తుందో చూడాలంటే మన ఖమ్మం జిల్లా ఉదాహరణ చాలు. 2009లో పాత్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే అధ్యయనం మొదలుపెట్టాయి. ఆ పిల్లల్లో ఎందరో గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. మరుసటి ఏడాది వివాదం ముదిరి కార్యక్రమాన్ని నిలిపేశారు. దీనిపై పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. టీకా మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఆ వార్డెన్ల సంతకాలు. హాస్టల్లో పిల్లకు అన్నం పెట్టించేది, సెలవు ఇచ్చేది వార్డెనే. ఆ మనిషే సంతకం చేశాక పిల్లను అడిగేదెవరు? ఊళ్లో ఉన్న తల్లికి కబురు పంపేదెవరు?

వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. దాంతోపాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం నోటిమాటగానైనా ఉండాలి, పన్నెండేళ్లు నిండితే రాతపూర్వకంగా ఉండాలి. అవి ఆరోగ్య పరిశోధనకు రాసినవి. విద్యా పరిశోధనలో చాలా కాలేజీలకు నైతిక సంఘమే లేదు. అడిగేవాళ్లు లేరు గనుక ఆ బరువంతా టీచరు మీదే పడుతుంది.

మరి తన తరగతిలోనే పరిశోధన చేసే టీచరు ఏం చేయాలి? ఏడో తరగతికి భిన్నాలు చెప్పే లెక్కల టీచరు ఒకామె ఉందనుకుందాం. పిల్లలు ఎక్కడ తప్పు చేస్తున్నారో తెలుసుకోవడానికి నోటుబుక్కుల పేజీలు ఫొటో తీసి, కొందరితో విడిగా మాట్లాడి రికార్డు చేయాలనుకుంది.

ఆమె మొదట పాఠాన్నీ పరిశోధననూ వేరు చేయాలి. భిన్నాల పాఠం, కొత్త అభ్యాసాలు అందరికీ ఉంటాయి, ఎందుకంటే అది చదువు. అనుమతి అడగాల్సింది ఆ నోటుబుక్కు తన డిసర్టేషన్‌లోకి ఎక్కవచ్చా, విడిగా మాట్లాడవచ్చా అన్న రెండింటికే. ఇలా విడదీస్తే వద్దన్న పిల్లకు పాఠంలో ఏ నష్టమూ ఉండదు.

తర్వాత, అడిగేది ఆమె కాకూడదు. మార్కులతో సంబంధం లేని మరో టీచరు, ఆమె తరగతిలో లేనప్పుడు, విషయం వివరించాలి. ‘అర్థమైందా?’ అంటే మళ్లీ అదే కోరస్ వస్తుంది. ‘మీ లెక్కల టీచరు ఏం చేయబోతున్నారో నాకు చెప్పు’ అని ఇద్దరు ముగ్గురి చేత చెప్పిస్తే, ఇది పరీక్ష అనుకుంటున్నారో ఏమో బయటపడుతుంది. కాగితం మీద ‘సరే’, ‘వద్దు’ రెండు గళ్లూ ఉండాలి. అందరూ ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి, కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. ఒప్పుకున్నవాళ్లే కాగితం తెచ్చివ్వాలంటే, తేనివాళ్లెవరో తరగతికంతా తెలిసిపోతుంది. ఆ టర్మ్ మార్కులు అప్‌లోడ్ అయ్యేదాకా కవర్లు ఆ రెండో టీచరు దగ్గరే ఉండాలి. ఈలోగా అందరి నోటుబుక్కులూ మామూలుగానే దిద్దుతారు. కవర్లు తెరిచాకే ‘సరే’ అన్నవాళ్ల పేజీలు ఫొటో తీస్తారు, వాళ్లతోనే మాట్లాడతారు. పరిశోధన రెండు నెలలు ఆలస్యమవుతుంది. కానివ్వండి.

కవరులో ‘సరే’ అన్న పిల్ల కూడా తర్వాత మనసు మార్చుకోవచ్చు. నోటితో చెప్పకపోవచ్చు. రికార్డరు పెట్టగానే జవాబులు ఒక్క మాటకు కుదించుకుపోతాయి, మంచినీళ్లకు వెళ్లొస్తానంటుంది, గంట ఎప్పుడు కొడతారని అడుగుతుంది. ఇక అక్కడికి ఆపేయాలి. మంచి డేటా మధ్యలో ఆగిపోయిందని బాధపడే పరిశోధకుల్ని చూశాను. ఆ బాధ నాకు అర్థమవుతుంది కానీ, రికార్డరు ఆపడానికే నా ఓటు.

ఇక పేర్ల సంగతి. పేరు మారిస్తే గోప్యత వచ్చేసినట్టే అనుకుంటాం. డిసర్టేషన్ అట్ట మీద టీచరు పేరుంటుంది. ఆమె ఏ మండలంలో ఏ హైస్కూల్లో చెబుతుందో ఫోన్లో నిమిషంలో దొరుకుతుంది. లోపల ‘ఏడో తరగతి బాలిక, తండ్రి లారీ డ్రైవరు, ఈ ఏడాదే ఒడిశా నుంచి వచ్చింది’ అని రాస్తే, ఆ బడిలో అటెండరు కూడా పోల్చుకుంటాడు. బయటివాళ్లు పోల్చుకుంటే పిల్లకు ఒరిగే నష్టం తక్కువే. తోటి పిల్లలు, పక్క టీచర్లు, ఇంట్లోవాళ్లు పోల్చుకుంటేనే ప్రమాదం. చేతిరాత కూడా గుర్తే కాబట్టి నోటుబుక్కు ఫొటో అచ్చువేసేకంటే ఆ లెక్కను తిరిగి టైపు చేయడం మేలు. రోల్ నంబరును కోడ్‌గా వాడకూడదు. మారుపేరు పెట్టేటప్పుడు కులమో మతమో చెప్పేసే పేరు పెట్టకుండా చూసుకోవాలి. భిన్నాల తప్పుకు తండ్రి ఉద్యోగంతో పని లేకపోతే దాన్ని తీసేయాలి. పని ఉంటే, ఒకే పిల్ల వివరాలన్నీ ఒక్కచోట చేర్చకుండా అంశాల వారీగా విడగొట్టి రాయాలి. సరిపోయిందో లేదో చూడటానికి, ఆ తరగతికే చెప్పే మరో టీచరుకు రెండు పేజీలు ఇచ్చి ఎవరో పోల్చమంటే చాలు. ఆయన పోల్చుకున్నాడంటే మళ్లీ రాయాలి.

‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకూడదు. లెక్కల గురించి మాట్లాడుతూ పిల్ల ఇంట్లోనో బడిలోనో తనపై జరుగుతున్న లైంగిక వేధింపు గురించి చెప్పిందనుకోండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం అది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. పరిశోధకులకు మినహాయింపు లేదు. అంతా దాస్తానని మాటిచ్చి మర్నాడు పోలీసులకు చెబితే పిల్ల దృష్టిలో అది ద్రోహమే. అందుకే రికార్డరు నొక్కకముందే ఇలా చెప్పాలి: ‘నీ లెక్కలు, నీ మాటలు నా పుస్తకంలో నీ పేరు లేకుండా వస్తాయి. నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం నేను దాచను, సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాను. ముందు నీకు చెప్పాకే వాళ్లకు చెబుతాను.’ ఇది విన్నాక కొందరు పిల్లలు కొంత దాచుకుంటారు. దాచుకోనివ్వాలి.