బీకరులో తొందర, వడపోతలో నష్టం

నల్లగండ్ల, తెల్లాపూర్ మీదుగా లింగంపల్లి చుట్టూ లేస్తున్న టవర్లలో కాంక్రీటుకు బోరు నీళ్లు వాడాలంటే, ముందు వాటిలో సల్ఫేటు ఎంతుందో తేల్చాలి. ఐఎస్ 456 ప్రకారం, SO₃గా లెక్కిస్తే అది లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. నేను నమ్మే పద్ధతి పాతదే: సల్ఫేటును బేరియం సల్ఫేటుగా దింపి, వడకట్టి, కాల్చి, తూచడం.

ఒక లెక్క చూడండి. 100 మిల్లీలీటర్ల నమూనాకు 0.1156 గ్రాముల అవక్షేపం వచ్చిందనుకుందాం. దాన్ని 0.343తో గుణిస్తే లీటరుకు 397 మిల్లీగ్రాముల SO₃. నీళ్లు పాసయ్యాయి. కానీ వడపోతలో 2 మిల్లీగ్రాములు జారిపోయి ఉంటే అసలు విలువ 403. అంటే ఫెయిల్.

ఆ 2 మిల్లీగ్రాములు ఎలా పోతాయి? కరిగిపోయి కాదు. బేరియం సల్ఫేటు గది ఉష్ణోగ్రతలో లీటరు నీటిలో సుమారు రెండున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది, బేరియం ఎక్కువగా ఉన్న ద్రావణంలో ఇంకా తక్కువ. పోయేది సన్నని రేణువుల రూపంలో. వాట్‌మన్ 42 కాగితంలోంచి కూడా అవి దూరిపోతాయి. గరాటు కింద దిగిన నీటిని నల్ల కాగితం ముందు పెట్టి చూస్తే పాలపొర కనిపిస్తుంది. అప్పుడు ఆ నీటిని మళ్లీ అదే కాగితం మీద పోయాలి.

అయితే లోపం కాగితానిది కాదు, అంతకుముందు బీకరులో జరిగిన పనిది. బేరియం క్లోరైడు ఒక్కసారిగా పోస్తే ఒకేసారి లెక్కలేనన్ని గింజలు పుట్టి, ఏదీ పెరగదు. నమూనాను నీళ్లతో 250 మిల్లీలీటర్లకు పెంచి, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మరిగించి, వేడి బేరియం క్లోరైడును బొట్టు బొట్టుగా కలుపుతూ పోయాలి. ఆ తర్వాత 80, 90 డిగ్రీల వేడిలో కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. సన్నని రేణువులు కరిగి, పెద్దవాటి మీద చేరి గట్టిపడతాయి. ఇరుక్కున్న బేరియం క్లోరైడులో కొంత బయటికొస్తుంది. అది మిగిలిపోతే బరువు పెరుగుతుంది. జారిన రేణువుల నష్టాన్ని ఈ లాభం కప్పేస్తే, తప్పుడు పని కూడా సరైన అంకెలాగే కనిపిస్తుంది.

వేడినీళ్లతో కడగడం సిల్వర్ నైట్రేటు చుక్కకు తెలుపు రాకపోయేదాకానే. కాగితాన్ని మంట లేకుండా, గాలి తగిలేలా మెల్లగా మసి చేయాలి. గాలి అందకపోతే ఆ బొగ్గు సల్ఫేటును సల్ఫైడుగా మార్చి బరువు తగ్గిస్తుంది. అనుమానముంటే ఒక బొట్టు సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి మళ్లీ 800 డిగ్రీల దగ్గర కాల్చాలి.

ఫలితం 400కు దగ్గరగా వచ్చిన నివేదికపై సంతకం చేసేముందు అదే నమూనాను మరోసారి మొదటినుంచి చేయండి. రెండు తూకాలూ కలవకపోతే ఆ నీళ్లను పాస్ చేయకండి.