శాతం సంచిలో పడదు

మా మేనమామ ఒక బ్యాంకులో అప్పు దరఖాస్తులు పరిశీలించే అధికారిగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన లెక్క వేస్తుంటే పక్కన కూర్చుని చూడడం నాకు కచేరీ వినడంలాంటిది. తెల్లకాగితం మధ్యలో నిలువుగీత గీస్తాడు. ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు వచ్చే డబ్బు, పోయే డబ్బు. ఇక ఒక్కొక్క సంవత్సరం డబ్బునూ ఈ రోజు విలువకు దించుకుంటూ వస్తాడు. చివర మిగిలిన అంకె కింద రెండు గీతలు గీసి, ‘ఇదిరా అసలు లాభం’ అంటాడు.

ఆ అంకె పేరు నికర ప్రస్తుత విలువ. వాడుకలో ఎన్‌పీవీ. దానికో దాయాది ఉంది: అంతర్గత రాబడి రేటు, ఐఆర్‌ఆర్. మొదటిది రూపాయల్లో మాట్లాడుతుంది, రెండోది శాతాల్లో. నేను ఎన్‌పీవీ పక్షం. ముందే చెప్పేస్తున్నాను.

చరిత్ర రెండు ముక్కల్లో ముగిస్తాను. 1582లో సైమన్ స్టెవిన్ ఆంట్వెర్ప్‌లో వడ్డీ పట్టికలు అచ్చు వేయించాడు. అప్పటిదాకా అలాంటి పట్టికలను వర్తకులు గుట్టుగా దాచుకునేవారట. తర్వాత 1907లోనూ 1930లోనూ ఇర్వింగ్ ఫిషర్ ఈ ఆలోచనకు సిద్ధాంతం కట్టాడు. మిగతాది పుస్తకాల్లో చదువుకోవచ్చు. పని ఎలా జరుగుతుందో చూద్దాం.

మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటే తెలియనివారుండరు. నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు. నా చేతిలో ఈ రోజు 100 ఉంటే ఏడాదికి 112 అవుతుంది. అంటే ఏడాది తర్వాత వచ్చే 112 విలువ ఈ రోజు వందే. ఏడాది తర్వాతి డబ్బును ఒకసారి 1.12తో భాగించాలి, రెండేళ్ల తర్వాతిదైతే రెండుసార్లు, మూడేళ్లదైతే మూడుసార్లు. కిటుకు అంతా ఇదే. నైపుణ్యం మాత్రం ఎదురుగా ఉన్న మనిషికి ఏ వడ్డీ సరిపోతుందో పట్టుకోవడంలో ఉంది. అది బ్యాంకు అప్పు మీద వేసే వడ్డీ కాదు. అంతే ప్రమాదం ఉన్న మరో పనిలో పెడితే ఆ డబ్బు ఎంత తెచ్చేదో, అది. మామయ్య అప్పు అడగవచ్చినవాళ్లకు టీ ఇప్పించి, మాటల్లోపెట్టి, ఈ సంగతి రాబట్టేవాడు.

ఆయన పనితనానికి నాకు నచ్చే నమూనా ఒక రైస్ మిల్లు లెక్క. మిర్యాలగూడ వైపు ఒకాయన మూడేళ్ల లీజుకు మిల్లు తీసుకున్నాడు. ఆయన ముందు రెండు దారులున్నాయి. మొదటిది పాత సార్టెక్స్ మిషను ఒకటి కొనుక్కోవడం. అంకెలు నేను గుండ్రంగా చెబుతున్నాను: పెట్టుబడి 10 లక్షలు, ఖర్చులు పోను ఏటా 5 లక్షల మిగులు. రెండోది డ్రయ్యరుతో సహా మొత్తం లైను మార్చేయడం. పెట్టుబడి 40 లక్షలు, మిగులు ఏటా 18 లక్షలు. లీజు అయిపోయేనాటికి మిషన్లకు విలువ ఉండదనుకుందాం. మిల్లులో చోటు ఒక్కదానికే ఉంది, రెండూ పెట్టలేడు.

చిన్నదాని ఐఆర్‌ఆర్ 23.4 శాతం. పెద్దదానిది 16.6 శాతం. మిల్లాయన కొడుకు కంప్యూటర్లో ఈ రెండు అంకెలూ తీసి, ‘చిన్నదే తీసుకుందాం నాన్నా, ఇరవై మూడు ఎక్కడ, పదహారు ఎక్కడ’ అన్నాడట.

మామయ్య కాగితం తీశాడు. రూపాయి వడ్డీ లెక్కన, చిన్నదాని మొదటి ఏడాది 5 లక్షలు ఈ రోజుకు 4.46 లక్షలు. రెండో ఏడాదివి 3.99, మూడో ఏడాదివి 3.56. మొత్తం 12.01 లక్షలు. పెట్టుబడి 10 తీసేస్తే 2.01 లక్షలు మిగిలింది. పెద్దదానికీ అలాగే దించితే 16.07, 14.35, 12.81. కలిపితే 43.23. పెట్టుబడి పోగా 3.23 లక్షలు. పెద్ద లైను ఈ రోజు విలువలో ఒక లక్షా ఇరవై రెండు వేలు ఎక్కువ తెస్తోంది.

‘శాతాలు సంచిలో పోసుకుని ఇంటికి తీసుకుపోలేవు బాబూ, రూపాయలే తీసుకుపోతావు’ అన్నాడట మామయ్య ఆ అబ్బాయితో. అబ్బాయి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమూ న్యాయమే. ఇరవై మూడు శాతం అబద్ధం కాదు కదా!

అక్కడ మామయ్య చేసిన పని నాకు ఆటలో పైఎత్తులా కనిపిస్తుంది. రెండు దారుల మధ్య తేడానే మూడో దారిగా రాశాడు. పెద్దది ఎంచుకుంటే అదనంగా పెట్టేది 30 లక్షలు. అదనంగా వచ్చేది ఏటా 13 లక్షలు, మూడేళ్లు. ఈ తేడా లెక్కకు ఐఆర్‌ఆర్ కడితే 14.4 శాతం తేలింది. ‘నువ్వు చిన్నది కొంటే ఈ ముప్పై లక్షలు ఎక్కడ పెడతావు?’ అని అడిగాడు. ‘రూపాయి వడ్డీకి తిప్పుతా’ అన్నాడు మిల్లాయన. పన్నెండు వచ్చేచోట పెట్టే డబ్బుకు ఇక్కడ పద్నాలుగు వస్తోంది. ఇరవై మూడు శాతం వచ్చేది ఆ పది లక్షలకే. మిగతా ముప్పై ఏమైందని శాతం అడగదు. అదే దాని గుడ్డితనం.

వడ్డీ మారితే తీర్పూ మారుతుంది. మిల్లాయన బయట తిప్పేది రూపాయిన్నర వడ్డీకైతే, అంటే ఏటా పద్దెనిమిదికైతే, పెద్ద లైను 86 వేల నష్టంలోకి జారుతుంది. చిన్నది 87 వేల లాభంతో నిలుస్తుంది. రెండూ సమానమయ్యే మలుపు 14.4 దగ్గర ఉంది. అందుకే రెండు ఐఆర్‌ఆర్‌లను పక్కపక్కన పెట్టి పెద్దది ఎంచుకోవడం తప్పు పద్ధతి. తేడా మీద ఐఆర్‌ఆర్ కట్టి, దాన్ని మన వడ్డీతో పోల్చాలి. అలా చేస్తే ఆ దాయాది కూడా ఎన్‌పీవీ చెప్పిన మాటే చెబుతుంది.

ఈ విద్యలో గొప్ప ఘట్టం అంటే నా ఓటు 1955లో లోరీ, సావేజ్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన చమురు బావి లెక్కకే. నడుస్తున్న బావికి మరింత జోరైన పంపు బిగించాలి. ఖర్చు 1,600 డాలర్లు. కొత్త పంపు వల్ల మొదటి ఏడాది 10,000 డాలర్ల చమురు అదనంగా వస్తుంది. రెండో ఏడాది రావలసిన చమురే ముందు తోడేశాం కాబట్టి, ఆ ఏడాది 10,000 తగ్గుతుంది. ఐఆర్‌ఆర్ ఎంత? 25 శాతం. కాదు, 400 శాతం. రెండూ సరైనవే! స్ప్రెడ్‌షీట్‌లో ఈ మూడు అంకెలూ వరుసగా పెట్టి చూడండి:

```
=IRR(B2:B4)      → 25%
=IRR(B2:B4, 3)   → 400%
```

వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టమంటే అక్కడికి దగ్గరి జవాబు ఇస్తుంది, రెండోది ఉందని చెప్పదు. ఇంకా విచిత్రం, మన వడ్డీ పన్నెండు అనుకుంటే 25 కూడా ఎక్కువే, 400 కూడా ఎక్కువే. పంపు కొనేయాలి కదా? ఎన్‌పీవీ కట్టండి. 643 డాలర్ల నష్టం.

కారణం మాటల్లో చెబితే పసిపిల్లకూ అర్థమవుతుంది. ఈ పంపు కొత్త చమురేమీ పుట్టించడం లేదు. రెండో ఏడాది పదివేలను మొదటి ఏడాదికి లాక్కొస్తోంది, అంతే. పన్నెండు శాతం వడ్డీ లెక్కలో పదివేలను ఏడాది ముందుకు జరపడం ఈ రోజు విలువలో 957 డాలర్ల మేలు. ఆ మేలుకు 1,600 ఎవరిస్తారు? డబ్బు బయటికి పోవడం, లోపలికి రావడం, మళ్లీ బయటికి పోవడం జరిగే ప్రతిచోటా ఈ ఉచ్చు పొంచి ఉండవచ్చు. తవ్వకం ముగిశాక గొయ్యి పూడ్చే ఖర్చున్న గనులు అలాంటివే. గుర్తు చాలా తేలిక: వరుసలో కూడికా తీసివేతా గుర్తులు ఒకటికంటే ఎక్కువసార్లు మారితే ఐఆర్‌ఆర్‌ను నమ్మకండి.

దాయాదిని మరీ తిట్టిపోశానేమో. దానికీ ఒక రాజ్యం ఉంది. అప్పు ఒప్పందాల్లో దాచిన వడ్డీని బయటికి లాగడంలో ఐఆర్‌ఆర్‌కు సాటి లేదు. లక్ష రూపాయలు ఏడాదికి పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామంటారు. లక్షా పన్నెండు వేలను పన్నెండు వాయిదాలు చేస్తే నెలకు 9,333 రూపాయలు. అసలు నెలనెలా తీరిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే వేశారు. ఐఆర్‌ఆర్ కడితే నెలకు దాదాపు 1.79 శాతం, ఏడాదికి ఇరవై ఒకటిన్నర. రూపాయి వడ్డీ అని సంతకం పెట్టినవాడు దాదాపు రూపాయి ఎనభై పైసలు కడుతున్నాడు. ఈ ఒక్క పనికి ఐఆర్‌ఆర్‌కు దండం పెడతాను.

ఇప్పుడు నా బాధ చెప్పుకోనివ్వండి. కాగితం మీద నిలువుగీత గీసేవాళ్లు కనుమరుగవుతున్నారు. వాళ్ల చోట రంగురంగుల బ్రోచర్లొచ్చాయి, మధ్యలో లావుపాటి అక్షరాల్లో ఒక శాతం. ఎనిమిదేళ్లలో మీ డబ్బు రెట్టింపు, అంటే ఏటా పన్నెండున్నర అని ఒకాయన మా ఇంటి వరండాలో కూర్చుని నాకే చెప్పాడు. వందను ఎనిమిదితో భాగించాడు, అదీ ఆయన విద్య! నిజానికి ఎనిమిదేళ్లలో రెట్టింపంటే ఏటా తొమ్మిది శాతమే. రూపాయి వడ్డీవాడికి అది నష్టం బేరం. నేను లెక్క చూపిస్తే, ‘అందరం ఇలాగే వేస్తామండీ’ అన్నాడు. ఆ మాటకే నా ఒళ్లు మండింది.

చదువుకున్నవాళ్ల పనీ అంతంతమాత్రమే. స్ప్రెడ్‌షీట్‌లోని `NPV` మొదటి అంకెను ఏడాది చివరి డబ్బుగా తీసుకుంటుంది. ఈ రోజు పెట్టే పెట్టుబడిని అందులో కలిపేస్తే దాన్నీ ఒక ఏడాది దించేస్తుంది. మన చిన్న మిషను లాభం 2.01 లక్షలకు బదులు 1.79 అని వస్తుంది. పెట్టుబడిని బయట పెట్టాలి:

```
=NPV(12%, B3:B5) + B2
```

B2లో పెట్టుబడిని తీసివేత గుర్తుతో రాయాలి. చేత్తో ఒక్కసారి వేసి చూసినవాడికి ఈ తప్పు ఇట్టే దొరికిపోతుంది. వేసి చూసేదెవరు?

మిల్లు కథ ముగించలేదు. ఎన్‌పీవీ పెద్ద లైనుకే ఓటేసినా మామయ్య వెంటనే సరే అనలేదు. కాగితం తిప్పి వెనక ఇంకో లెక్క వేశాడు. ఏటా 18 లక్షలు వస్తుందన్న మిగులు 16.65కు దిగితే లాభం సున్నా. అంటే ఏడున్నర శాతం తగ్గితే చాలు. చిన్నదానికైతే 5 లక్షలు 4.16కు దిగాలి, అంటే దాదాపు పదిహేడు శాతం. ‘ఆ పద్దెనిమిది ఎక్కడినుంచి వచ్చింది?’ అని అడిగాడు. డ్రయ్యరు అమ్మేవాడు చెప్పాడట. మామయ్య కాగితం మడిచి మిల్లాయన చేతిలో పెట్టి, ఆ డ్రయ్యరు ఇప్పటికే వాడుతున్న రెండు మిల్లుల కరెంటు బిల్లులు, నూకల శాతం చూసి రమ్మని పంపించాడు. రెండు వారాలకు ఆయన తిరిగొచ్చాడు. పద్దెనిమిది కొట్టేసి, దాని పక్కన పదిహేడుంబావు అని పెన్సిలుతో రాసి ఉంది. మామయ్య మళ్లీ నిలువుగీత గీశాడు. ఈసారి పెద్దదానికి 1.43 లక్షలే మిగిలింది. చిన్నదాని 2.01 గెలిచింది.

కొడుకు మొదట చెప్పిందే జరిగింది కదా అని నవ్వేవారుంటారు. నవ్వండి. కానీ ఇరవై మూడు శాతాన్ని చూసి మురిసిపోయి ఉంటే ఆ తండ్రీకొడుకులు పక్క మిల్లులకు వెళ్లేవారు కాదు. మీ ఇంటికి శాతం పట్టుకొచ్చేవాడిని కూర్చోబెట్టి టీ ఇవ్వండి, రెండు ప్రశ్నలు వేయండి. ఈ రోజు విలువలో ఎన్ని రూపాయలు? ఆ రాబడి అంకె నీకెవరు చెప్పారు?