‘ఇన్’ మీద ఎర్ర గీత

మా గౌలిగూడ సందులో సాయంత్రం ఏడు దాటితే నా ముందుగది ట్యూషన్ గది అయిపోతుంది. పెద్ద చదువులేం కాదు, వీధి పిల్లల ఇంగ్లీషు, కాస్త లెక్కలు. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె దిద్దిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

“తాతా, ఇది తప్పంట. సార్ గీత గీసిండు. వాక్యం చివర ప్రిపోజిషన్ రావొద్దంట.”

ఆమె రాసిన వాక్యం ‘దిస్ ఈజ్ ద హౌస్ ఐ వజ్ బోర్న్ ఇన్’. నేను పుట్టిన ఇల్లు ఇది అని. చివరి ‘ఇన్’ చుట్టూ ఎర్ర సున్నా, పక్కన ఒక గీత. దాని కింద పిల్ల రెండుసార్లు దిద్దుకుంది. మొదటిసారి ‘ఇన్’ కొట్టేసి ‘ద హౌస్ ఐ వజ్ బోర్న్’ అని ఆపేసింది. అదీ బాగా లేదనిపించిందేమో, రెండోసారి ‘ద హౌస్ ఇన్ విచ్ ఐ వజ్ బోర్న్ ఇన్’ అని ముందొక ‘ఇన్’, వెనకొక ‘ఇన్’ పెట్టి కాపలా కట్టింది. ఈ మూడింటిలో ఒప్పు ఒక్కటే, ఎర్ర గీత పడ్డది. నియమం పుణ్యాన ఒక ఒప్పు పోయి రెండు తప్పులు వచ్చాయి.

ఆ పిల్లను తప్పుపట్టలేను. ఆ ‘ఇన్’ కొట్టేస్తే మన చెవికి ఏమీ పోయినట్టు అనిపించదు. తెలుగులో అక్కడ ఏ మాటా ఉండదు మరి. ‘నేను పుట్టిన ఇల్లు’ అంటాం. పుట్టింది ఇంట్లోనే అయినా ఆ ‘లో’ ఎక్కడా పలకదు. ఊరి నుంచి మా గౌలిగూడ బస్టాండులో దిగిన మనిషి ‘నేను వచ్చిన బస్సు’ అంటాడు, ‘నేను వచ్చిన దారి’ అంటాడు, ‘నేను వచ్చిన పని’ అంటాడు. బస్సులో వచ్చాడు, దారి వెంట వచ్చాడు, పని కోసం వచ్చాడు. లో, వెంట, కోసం మూడింటినీ ఒక్క ‘వచ్చిన’ మింగేసింది. విన్నవాడికి లోటు తెలియదు, బస్సంటే ఎక్కి రావడమనీ పనంటే దానికోసం రావడమనీ లోకజ్ఞానమే చెబుతుంది.

ఇంగ్లీషు అలా మింగలేదు. ‘ద బస్ ఐ కేమ్ ఇన్’, ‘ద రోడ్ ఐ కేమ్ బై’, ‘ద వర్క్ ఐ కేమ్ ఫర్’ అని ఆ చిన్న మాటను చివర మిగుల్చుకుంటుంది. మనం ఎక్కువగా పోగొట్టుకునేది సరిగ్గా ఆ మాటనే. ‘ద చైర్ ఐ శాట్’, ‘ద పెన్ ఐ రోట్’ అని మన పిల్లలు రాయడం వెనక ఉన్నది ‘కూర్చున్న కుర్చీ’, ‘రాసిన పెన్ను’. అలాంటి పిల్లకు ఎవరూ నేర్పకుండానే ఆ ‘ఇన్’ చేతికి వస్తే దాని మీద గీత గీశారు.

మరి ఈ నియమం ఎక్కడిది? దీనికి పుట్టిన తేదీ దాదాపుగా ఉంది. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి, తన తరం భాష ముందు తరం భాష కంటే నాజూకైనదని వాదిస్తూ ఒక వ్యాసం అచ్చువేశాడు. అందులో బెన్ జాన్సన్ 1611 నాటి నాటకం ‘కాటిలైన్’ తీసుకుని తప్పులు ఏరాడు. ఒక పాదం ‘ఫ్రమ్’తో ముగిసింది, అది కూడా ఆ తప్పుల్లో చేరింది. జాన్సన్ అప్పటికి పోయి ముప్ఫై అయిదేళ్ళు. ఆయన ఇంగ్లీషుకు వ్యాకరణం కూడా రాసినవాడు. జవాబు చెప్పడానికి మాత్రం లేడు. ఎందుకు తప్పో డ్రైడెన్ చెప్పలేదు. నా రాతల్లోనూ ఈ దోషం ఉందని మాత్రం ఒప్పుకున్నాడు. 1668లో వేసిన తన నాటకకళా వ్యాసాన్ని 1684లో మళ్ళీ వేసినప్పుడు, చివర మిగిలిన ప్రిపోజిషన్లను పట్టిపట్టి ముందుకు జరిపాడు.

కారణం లాటిన్ అనేది చాలామంది ఊహ. ఊహే అయినా దానికి ఆధారం ఉంది. తన ఇంగ్లీషు వాక్యం సరిగా ఉందో లేదో తేలనప్పుడు దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకుంటానని డ్రైడెనే 1679లో రాసుకున్నాడు. లాటిన్‌లో ఈ మాటను నామం నుంచి విడదీసి చివర వదిలేయడం కుదరదు. ‘ప్రిపోజిషన్’ అనే పేరే లాటిన్, ముందు పెట్టేది అని అర్థం. ముందు పెట్టేదాన్ని వెనక పెడతారా అనే వాదానికి పేరొక్కటే ప్రమాణం. ఇంగ్లీషు మాత్రం లాటిన్ కూతురు కాదు, జర్మన్ చుట్టం. వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీషులోనే ప్రిపోజిషన్ తన నామాన్ని విడిచి ఉపవాక్యంలో ఒంటరిగా మిగిలిపోవడం ఉంది.

ఒక భాషను మరో భాష కొలబద్దతో కొలవడం మనకు కొత్తేం కాదు. సంస్కృతంలో విభక్తులు ఏడు కాబట్టి తెలుగు ప్రత్యయాలనూ ఆ ఏడు గదుల్లోనే సర్దారు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ గదులు అవే. షష్ఠి గదిలో ‘యొక్క’ కూర్చుంది. ‘రాముడి పుస్తకం’ అని ఇంట్లో అనే పిల్లవాడు పరీక్షలో ‘రాముని యొక్క పుస్తకం’ అని రాస్తాడు. పక్క భాష కొలతతో కుట్టిన చొక్కాలో చేతులు ఇలాగే వేలాడతాయి.

డ్రైడెన్ మాట నియమంగా మారడానికి మరో నూరేళ్ళు పట్టింది. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతగురువు చిన్న ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. నియమాన్ని పుట్టించింది ఈయనే అని నింద. చదివితే అలా ఉండదు. చివర ప్రిపోజిషన్ రావడం మాటల్లో ఉన్నదే, చనువుగా రాసే రాతకు చక్కగా నప్పుతుంది, గంభీరమైన రాతలో ముందు పెడితే అందం, స్పష్టత అన్నాడు. అంటే శైలి గురించి సలహా. పైగా ఆ సంగతి చెప్పే వాక్యాన్నే ‘టు’తో ముగించాడు, సరదాకో అలవాటుకో. 1795లో లిండ్లీ మర్రే తన వ్యాకరణంలో లౌత్ మాటల్నే ఎత్తుకుని, ఆ ‘టు’ను మాత్రం జాగ్రత్తగా ముందుకు జరిపాడు. సలహా నియమంగా గట్టిపడటం ఆ ఒక్క సవరణలో కళ్ళకు కడుతుంది. మర్రే పుస్తకం లెక్కలేనన్నిసార్లు అచ్చయి బడులకు చేరింది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో దీన్ని మూఢనమ్మకం కిందే కట్టాడు. అప్పటికే ఆ నియమం బడుల్లో పాతుకుపోయింది.

దీని మీద చర్చిల్ విసిరాడని చెప్పే జోకు ఒకటుంది. గుమాస్తా ప్రిపోజిషన్ జరిపితే ఆయన వాక్యాన్ని వెటకారంగా మెలితిప్పి తిరగరాశాడని. అది ఆయన అన్నాడనడానికి ఆధారం లేదు. మన దగ్గర ప్రతి చమత్కారమూ తెనాలి రామలింగడి ఖాతాలో పడ్డట్టే అక్కడ చర్చిల్ ఖాతాలో పడుతుంది.

పిల్లకు ఈ చరిత్రంతా చెప్పలేదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న రెన్ అండ్ మార్టిన్ తీసి ప్రిపోజిషన్ల పాఠం తెరిచాను. మన ఇళ్ళలో అట్ట ఊడిపోయే దాకా తిరిగిన గ్రామర్ అది. ప్రిపోజిషన్ మామూలుగా నామానికి ముందు వస్తుంది, ఒక్కోసారి వెనకా వస్తుంది అని అందులో ఉదాహరణలతో సహా ఉంది. ‘దట్’తో సంబంధం కలిపితే చివరే రావాలని కూడా ఉంది. నిజమే, ‘ద హౌస్ దట్ ఐ వజ్ బోర్న్ ఇన్’ అనాలి గానీ ‘ఇన్ దట్ ఐ వజ్ బోర్న్’ అంటే ఇంగ్లీషే కాదు. మేస్టర్లు ప్రమాణంగా చూపించే పుస్తకం మేస్టర్ల గీతను ఒప్పుకోవడం లేదు.

“అయితే చివర ఏదైనా పెట్టొచ్చా తాతా?”

పెట్టకూడదు. దానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. మెలిక తీసి వాక్యాన్ని మామూలుగా చెప్పి చూడాలి. ‘ఐ వజ్ బోర్న్ ఇన్ ద హౌస్’ అన్నప్పుడు ‘ఇన్’ కావాలి కదా, అయితే మెలిక వేసినప్పుడూ అది ఎక్కడో ఒకచోట బతకాలి, ఒక్కసారే బతకాలి. ముందు ‘ఇన్ విచ్’గానో, చివర ‘ఇన్’గానో. ఆ పిల్ల దిద్దుకున్న రెండూ ఇక్కడే పట్టుబడ్డాయి. ఒకదాంట్లో ‘ఇన్’ చచ్చిపోయింది, రెండోదాంట్లో కవలలు పుట్టారు.

ఇదే పరీక్ష అసలు తప్పునూ పట్టిస్తుంది. ‘ద మ్యాటర్ వి డిస్కస్డ్ అబౌట్’ అని మన ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది. మెలిక తీస్తే ‘వి డిస్కస్డ్ ద మ్యాటర్’. అక్కడ ‘అబౌట్’కు చోటే లేదు. ‘గురించి చర్చించాం’ అనే తెలుగు దాన్ని లాక్కొచ్చింది. అది తప్పు, కాకపోతే చివర ఉన్నందుకు కాదు. వాక్యంలో ఎక్కడ పెట్టినా తప్పే.

మిగిలింది మర్యాద సంగతి. ఉద్యోగం దరఖాస్తులో ‘ద పోస్ట్ ఫర్ విచ్ ఐ హావ్ అప్లైడ్’ అంటే ఇస్త్రీ చొక్కా, స్నేహితుడికి ‘ద పోస్ట్ ఐ అప్లైడ్ ఫర్’ అంటే ఇంటి లుంగీ. రెండూ బట్టలే. ‘నథింగ్ టు బి అఫ్రైడ్ ఆఫ్’ లాంటి వాటికి మాత్రం ఇస్త్రీ ఎక్కదు, బలవంతం చేస్తే మాడిపోతుంది. రేపు పరీక్షలో ఆ సారే దిద్దుతాడు కాబట్టి ‘ఇన్ విచ్’ అని రాయి, రెండో ‘ఇన్’ పెట్టకు అన్నాను. మార్కులు పోగొట్టుకుని డ్రైడెన్ మీద పోరాడమని తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పలేను.

పుస్తకాలు సర్దుకుంటూ అడిగింది. “తాతా, మీరు వచ్చిన ఊరేది?”

“గౌలిగూడ” అన్నాను.

“అట్ల కాదు, యాడికెళ్లి వచ్చిన్రు అని.”

చూశావా, తెలుగులో ‘వచ్చిన ఊరు’ అంటే చేరిన ఊరో బయల్దేరిన ఊరో తేలలేదు. ‘నుంచి’ని మింగినప్పుడల్లా మనకు ఈ చిక్కు. నీ ప్రశ్నలో ఆ ఊరు ఏదో, ఇంగ్లీషులో తేల్చి చెప్పు అన్నాను.

ఒక్క నిమిషం పెదాలు కదిపి చూసుకుంది. “ద విలేజ్ యూ కేమ్...” అని ఆగి, ఎర్ర గీత కాగితం వైపోసారి చూసి, “ఫ్రమ్” అంది.

డ్రైడెన్ పట్టుకున్న మాటా అదే.