బయానా రాసే చేతి పనితనం

స్థలం అమ్మకానికి అగ్రిమెంటు రాసి బయానా పుచ్చుకున్న మనిషికి కవర్డ్ కాల్ ఇట్టే అర్థమవుతుంది. ఒప్పుకున్న ధరకు, ఒప్పుకున్న గడువులోగా కొనే హక్కు అవతలివాళ్లది. ఈలోగా ధర ఎంత పెరిగినా ఆ లాభం వాళ్లదే. తగ్గితే వాళ్లు వెళ్లిపోతారు, బయానా మనకు మిగులుతుంది. షేర్లు చేతిలో ఉంచుకుని వాటిపై కాల్ ఆప్షన్ అమ్మడం అచ్చం ఇదే. ఒక్కటే తేడా: ఇక్కడ బయానా అసలు ధరలో సర్దుబాటు కాదు, పూర్తిగా అదనం. దాన్నే ప్రీమియం అంటారు.

ఈ పనిని ఒక నియమంగా మలిచి, తు.చ. తప్పకుండా నడిపే అమెరికన్ ఫండ్ గ్లోబల్ ఎక్స్ వారి QYLD. 2013 డిసెంబర్‌లో మొదలైంది. నాస్‌డాక్-100 షేర్లన్నీ పెట్టుకుని, నెలనెలా మూడో శుక్రవారం పాత కాల్ గడువు తీరగానే, సూచీ అప్పుడున్న స్థాయికి ఆనుకునే కొత్త కాల్ అమ్ముతుంది. మొత్తం షేర్లపైనా అమ్ముతుంది. దాని అల్లికలో నాకు బాగా నచ్చినవి రెండు. వచ్చిన ప్రీమియం అంతా పంచేయదు: అందులో సగం, లేదా యూనిట్ విలువలో 1 శాతం, ఏది తక్కువైతే అదే నెలసరి పంపకానికి పరిమితి. రెండోది, అమ్మేది సూచీ ఆప్షన్లు. వాటిని గడువుకు ముందు ఎవరూ అమలు చేయలేరు, లెక్క నగదుతోనే తేలుతుంది. కాబట్టి షేర్లు కదలవు.

అదే సూచీని అనుసరించే QQQ యూనిట్లపై సొంతంగా కాల్ రాసేవారికి ఆ నిశ్చింత లేదు. యూనిట్ ధర కాల్ స్ట్రైక్‌ను దాటిపోయి, డివిడెండ్ తేదీ దగ్గరపడి, కాల్‌లో మిగిలిన కాలపు విలువ ఆ డివిడెండ్ కన్నా తక్కువైతే, ముందురోజు రాత్రే యూనిట్లు చేజారవచ్చు. వాటి లాభంపై పన్ను కూడా అప్పుడే మీద పడుతుంది.

ఇక ఖర్చు. 10,000 డాలర్లపై QYLD ఏటా 0.60 శాతం, అంటే 60 డాలర్లు తీసుకుంటుంది. 100 డాలర్ల యూనిట్లు 100 ఉన్నాయనుకుందాం. ఒక కాంట్రాక్టుకు 65 సెంట్ల కమిషన్ చొప్పున పన్నెండు నెలలకు ఎనిమిది డాలర్లు కూడా కావు. కానీ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం 5 సెంట్లుంటే, అందులో సగం పోయినా ఏడాదికి 30 డాలర్లు. ఎడం 15 సెంట్లైతే 90. అప్పుడు ఫండే చవక. కాల్ రాసేముందు తెరపై ఆ రెండు ధరలూ చూడటం అందుకే.

అసలు తేడా ఖర్చులో లేదు, నియమంలో ఉంది. ఒక ఊహా లెక్క చూద్దాం. సూచీ 100. ఫండ్ 100 దగ్గరే కాల్ అమ్మి 2.50 తీసుకుంది. నెలాఖరుకు సూచీ 90కి పడింది. నియమం ప్రకారం ఇప్పుడు 90 దగ్గర అమ్మాలి. భయం పెరిగింది కాబట్టి 3.50 వచ్చింది. మరుసటి నెల సూచీ తిరిగి 100కు చేరింది. ఫండ్‌కు దక్కేది 90, రెండు ప్రీమియాలు కలిపి 96. సూచీ నష్టపోలేదు, ఫండ్‌కు మాత్రం 4 పోయింది. పతనం మొత్తం తనది, కోలుకున్నది కొన్నవాడిది.

సొంతంగా రాసేవారు మొదటి నెల 105 దగ్గర 0.80కి అమ్మి, పతనం తర్వాత 90 దగ్గర రాయకుండా ఊరుకుంటే 100.80తో తేలతారు. రాయకుండా ఉండే స్వేచ్ఛే వారి ఆస్తి. అయితే సూచీ 90లోనే ఆగిపోయి ఉంటే ఫండ్‌కు 96, వీరికి 90.80. ఆ స్వేచ్ఛకు వెల అది.

2020లో సరిగ్గా ఇలాగే జరిగింది. మార్చిలో కూలిన నాస్‌డాక్-100 జూన్ కల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. QYLD యూనిట్ ధర ఆ ఏడాది చివరికీ దాటలేదు. పంపకం నెలనెలా వస్తూనే ఉండటంతో ఆ కోత చాలామంది కంటికి ఆనలేదు. అందుకే నెలసరి పంపకంతోపాటు యూనిట్ ధరనూ, పంపకాలు కలిపిన మొత్తం రాబడినీ సూచీ రాబడి పక్కన పెట్టి చూడాలి. 1099-DIV పత్రంలో మూడో గడి మూలధన వాపసు చూపుతుంది. దానికి ఆ ఏడాది పన్ను పడదు గానీ, కొన్న ధర అంతమేర తగ్గుతుంది, అమ్మిననాడు లెక్కలోకొస్తుంది.

కంపెనీ ఇచ్చిన షేర్లు పోగుపడిన మన ఇంజనీర్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. నెలకోసారి స్ట్రైక్ ఎంచుకునే ఓపిక, పతనంలో చేయి కట్టుకునే నిగ్రహం ఉంటే స్వయంగా రాసుకోండి. రెంటిలో ఏది లేకపోయినా ఫండ్ మేలు. కానీ అందులో పెట్టేది నెలసరి రాబడి కావలసిన భాగమే కావాలి, పదేళ్లు పెరగాల్సిన సొమ్ము కాదు.