బొట్టు మీది చోటు

శంషాబాద్ పక్కనే నర్కూడ ఊళ్లో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. సినిమా షూటింగులకూ పెళ్లిళ్లకూ పేరుపడ్డ గుడి అది. నాలుగేళ్ల కింద మా అక్క కూతురి పెళ్లి అక్కడే అయింది. తెల్లవారుజామున దానికి బొట్టు పెట్టింది నేనే. నిండైన నుదురు కదా అని కనుబొమల గీతకు వేలెడు పైన, రూపాయి బిళ్లంత గుండ్రంగా ఎర్రగా దిద్దాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. జీలకర్రబెల్లానికి ముందు బాసికం కట్టగానే సగం బొట్టు దాని కిందికి పోయింది. మిగిలిన సగం కనుబొమల మీద అస్తమిస్తున్న సూర్యుడిలా వేలాడింది. పిల్ల ఫోన్లో చూసుకుని, “చిన్నమ్మా, నా బొట్టు ఏడవోయింది?” అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజు తెలిసొచ్చిన సంగతి ఇది: నుదుటి మీద చూడాల్సింది బొట్టు ఒక్కటే కాదు, దాని పైన మిగిలే ఖాళీ చోటు కూడా. బొట్టుతో నుదురు పెరగదు, తరగదు. ఆ ఖాళీని మాత్రం మనం పంచవచ్చు, నింపవచ్చు, వదిలేయవచ్చు. పరిమాణం, ఆకారం, చోటు అనే మూడూ చేసే పని అంతే.

ముందు నుదురు ఎంతో తెలియాలి. దానికి టేపు అక్కర్లేదు. చూపుడువేలు నుంచి చిటికెన వేలి దాకా నాలుగు వేళ్లూ కలిపి, కనుబొమల నుంచి జుట్టు మొదలు దాకా అడ్డంగా ఆనించి చూడాలి. నాలుగూ పట్టి ఇంకా చోటు మిగిలితే ఎత్తయిన నుదురు. మూడు, మూడున్నర దగ్గర ఆగితే మధ్యరకం. రెండుకే జుట్టు తగిలితే చిన్న నుదురు. మన శిల్పులది కూడా వేళ్ల లెక్కే. తాళమానంలో ముఖం పన్నెండు అంగుళాలు: నుదురు నాలుగు, ముక్కు నాలుగు, ముక్కు కింది నుంచి గడ్డం దాకా నాలుగు. ఈ మూడు పాళ్లలో నుదుటి పాలు ఎక్కువైందా తక్కువైందా అన్నదే మన ప్రశ్న.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పెద్ద నుదురు అనగానే ఎత్తునూ వెడల్పునూ కలిపేస్తారు. జుట్టు బాగా పైనుంచి మొదలయ్యే నుదురు వేరు, కణతల మధ్య విశాలంగా పరుచుకున్న నుదురు వేరు. ఎత్తయిన నుదుటికి నిలువు తిలకం పెడితే కన్ను ఆ గీత వెంట పైకి ఎక్కి, నుదురు ఇంకా పొడవుగా తోస్తుంది. అక్కడ గుండ్రటి బొట్టో, అడ్డంగా సాగే చంద్రవంకో కావాలి. అదీ కనుబొమల మధ్యలో కాకుండా అరవేలు, వేలెడు పైన. అప్పుడు ఖాళీ రెండు ముక్కలవుతుంది. ఒకే పెద్ద గోడలా కనిపించదు. వెడల్పు నుదుటికి దీనికి తిరగేసి చెయ్యాలి. అడ్డం చంద్రవంక ఆ వెడల్పునే చాటుతుంది. సన్నని నిలువు బొట్టు దాన్ని మధ్యకు విభజిస్తుంది.

చిన్న నుదుటికి లెక్క ఇంకా సులువు. బొట్టును కిందికి దించాలి, కనుబొమల నడుమకే. కందిగింజంత గుండ్రటిదో, కింద లావుగా పైన సన్నగా ఉండే నీటిచుక్క ఆకారమో చాలు. పైన కనీసం వేలెడు చర్మం ఖాళీగా కనిపించాలి. ఆ ఖాళీయే చిన్న నుదుటికి ఊపిరి. పొడవు బొట్టు నుదురును పెంచుతుందన్న మాట నిజమే కానీ, దాని కొన జుట్టు దగ్గరకు పోతే ఆ లాభం పోతుంది. నుదురు అక్కడితో అయిపోయిందని బొట్టే వేలు పెట్టి చూపినట్టవుతుంది. కనుబొమల మధ్య పెట్టే బొట్టు ఆ సందులో సగానికి మించి వెడల్పు కాకూడదు. మించితే రెండు కనుబొమలూ బొట్టూ కలిసిపోయి, ముఖం చిట్లించుకున్నట్టు ఉంటుంది.

మధ్యను పాపిటను బట్టి వెతకకూడదు. పాపిట తరచూ కాస్త పక్కకు ఉంటుంది, కనుబొమలు రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ముక్కుదూలం మీద చూపుడువేలు నిలువుగా ఆనించి పైకి తీసుకుపోతే, అది తగిలిన చోటే మధ్య.

దిద్దేటప్పుడు చిన్నగా మొదలుపెట్టి పెంచాలి. ముందు ఉంగరంవేలితో మైనం పలచగా అద్ది, దాని మీద కుంకుమ ఒత్తి, పక్కల రాలిన పొడిని మెత్తటి గుడ్డతో దులపాలి. సీసా తిలకమైతే పుల్లతో నడుమ చుక్క పెట్టి బయటికి తిప్పుతూ పోవాలి. పెద్దగా దిద్ది తుడిస్తే ఎర్ర మరక మిగులుతుంది, దాన్ని కప్పడానికి ఇంకా పెద్దది పెట్టాల్సి వస్తుంది. స్టిక్కర్‌తో ఆ బాధ లేదు, మార్చి మార్చి చూడొచ్చు. కానీ ఆ జిగురు పడని చర్మం కొందరిది. బొట్టు కింద దురద, తర్వాత తెల్లమచ్చ కనిపిస్తే ఆకారం గురించి ఆలోచన మాని ముందు స్టిక్కర్ ఆపేసి, చర్మవైద్యుణ్ణి కలవాలి.

పెట్టాక అద్దానికి మూడడుగులు వెనక్కి జరిగి చూడాలి. ముందు కళ్లు కనిపించి తర్వాత బొట్టు కనిపిస్తే సరిపోయినట్టు. బొట్టే ముందు కనిపిస్తే ఒక సైజు తగ్గించాలి.

మళ్లీ అమ్మపల్లికి వస్తాను. మా పిల్లది నాలుగు వేళ్లు దాటిన నుదురు. బాసికమే రెండు వేళ్ల మేర ఆక్రమించింది, పైన పాపిటబిళ్ల ఎలాగూ ఉంది. కనుబొమల మీద మిగిలింది రెండు వేళ్లు కూడా లేదు. అంటే ముహూర్తం వేళకు మా పిల్ల చిన్న నుదురు పిల్ల అయిపోయింది! నేను ఉదయపు నుదుటికి బొట్టు దిద్దాను, పెళ్లి నుదుటికి కాదు. “బాసికం కిందికి పోయింది బిడ్డా, ఆగు” అని తడిగుడ్డతో తుడిచి, కనుబొమల నడుమ నుంచి వేలెడు పొడవున సన్నని తిలకం దిద్దాను. మరక దాని కింద కొంత, బాసికం కింద కొంత దాగింది. సాయంత్రం బాసికం తీశాక పొడవు తిలకం ఒంటరిగా నిలబడి, నుదురు రెండింతలైనట్టు కనిపించింది. మళ్లీ గుండ్రటి బొట్టుకే వచ్చాం. ఒక్క రోజులో ఒకే ముఖానికి మూడు బొట్లు. ఇప్పుడు ఎవరి పెళ్లయినా బాసికం ముందే తెప్పించి, నుదుటికి ఆనించి చూశాకే తిలకం సీసా మూత తీస్తాను.

ఆ గుడి నుంచి విమానాశ్రయం ఎంతో దూరం లేదు. 2008లో అది మొదలయ్యాక శంషాబాద్ చుట్టుపక్కల కొలువు కోసం బొట్టు పెట్టుకునే అమ్మాయిలు కూడా పెరిగారు. 2022లో ఎయిరిండియా తన సిబ్బందికి ఇచ్చిన అలంకరణ నియమాల్లో, చీర మీద బొట్టు ఇష్టమైతే పెట్టుకోవచ్చు, అర సెంటీమీటరు మించకూడదు అని ఉండేది. అర సెంటీమీటరంటే ఇంచుమించు కందిగింజ. పరిమాణం చేతిలోంచి పోయింది. అంత చిన్నదానిలో ఆకారం తేడా కూడా దూరానికి తెలియదు. ఇక మిగిలింది చోటే. చిన్న నుదురమ్మాయి ఆ గింజను కనుబొమల నడుమ పెడితే సరిపోతుంది. ఎత్తు నుదురమ్మాయి దాన్ని అరవేలు పైకి జరపాలి. మిగతా ఖాళీని నింపడం అంత చిన్న బొట్టు వల్ల కాదు, ఆ పని జుట్టుకు అప్పగించాలి. పాపిట పక్కకు తీసి, ముందు జుట్టును నున్నగా వెనక్కి లాగకుండా నుదుటి మీదికి కొంచెం దించి దువ్వితే, నాలుగు వేళ్ల నుదురు మూడు వేళ్లకు వస్తుంది.